నాలుగు వారాల జలుబు

రోజుకొక కథ చదివి యూట్యూబులో పెడుతూ మేనకోడలు గొంతునూ ఉత్సాహాన్నీ పోగొట్టుకుంది. కోలుకున్నాక పద్ధతి మార్చింది. నాలుగు కథలు ఒక్కసారే రికార్డు చేసి, వారానికొకటి విడుదలయ్యేలా అమర్చి, నెలలో ఒక వారం కథల పని జోలికే పోదు. శ్రోతలు జారిపోతారని మేనమామకు అనుమానం.

ఈ విరామ వారంలో ఆయన ఆమె ఫోనులో, కథ కింద ఒక వ్యాఖ్య చూసి పగలబడి నవ్వాడు.

“‘నాలుగు వారాలుగా జలుబేనా అక్కా, డాక్టరుకు చూపించుకో’ అంటున్నారే!”

“రికార్డింగు రోజు ముక్కు దిబ్బడ మామయ్యా, నాలుగింటికీ అంటుకుంది. పరువు పోయింది! మళ్లీ రోజూ పెట్టనా?”

“పిచ్చిదానా, నాలుగూ వినకుండానే నీ జలుబు లెక్కపెట్టారా? నా అనుమానమే తప్పు. పద్ధతి మార్చకు.”

ఎదురు రుజువు ఇంత ముచ్చటగా దొరకడం ఆయనకిదే మొదలు. ఆమె తేలిగ్గా నవ్వి, ఫోను ఆయనకే వదిలేసి నిద్రకు వెళ్లింది.