ఎర్ర ఫేజు

వేరేవాళ్లు చేసిన వైరింగ్ చూస్తే నాకు నోరు ఆగదు. ముప్పై ఏళ్లుగా తాండూరులో కరెంటు పని చేస్తున్నాను, ముప్పై ఏళ్లుగా తిడుతూనే ఉన్నాను. "నువ్వు బోర్డు మూత తీస్తున్నవా, మనుషుల పరువు తీస్తున్నవా?" అంటుంది మా ఇంటావిడ చాంద్‌బీ. ఆ నోటివల్ల ఒకసారి నా గొంతులో వెలక్కాయ పడింది. ఆ సంగతే చెబుతున్నాను.

గురువారం పొద్దున మనోరమక్క ఫోన్ చేసింది. ఊరి చివర ఆమెకు నాపరాళ్ల షెడ్డుంది. బండలు కోస్తారు, పాలిష్ పడతారు, శిలాఫలకాలు చెక్కుతారు. ఆరేళ్ల కింద ఆ షెడ్డుకు వైరింగ్ చేసింది నేనే.

"అజమత్ భాయ్, జర జల్దీ రా. మిషన్ చాలు చేస్తే లైట్లు గుడ్డిగైతున్నయి. అది లైట్ల తప్పా, ఎంకయ్య కాక కండ్ల తప్పా, ఇయ్యాల తేల్చాలె" అంది.

ఎంకయ్య అక్షరాలు చెక్కే మనిషి. అరవై దాటాయి. ఈ చుట్టుపక్కల ఏ బడి గోడ మీదనైనా, ఏ వాటర్ ట్యాంకు మీదనైనా ప్రారంభించినవారి పేరు చూశారంటే అది సగం మటుకు ఆయన ఉలి పనే. అలాంటివాడు పది రోజుల్లో రెండు ఫలకాలు చెడగొట్టాడు. రెండూ వికారాబాద్ చంద్రకాంత్ సేఠ్‌వే. ఆయన కట్టిన ఫంక్షన్ హాలుకు సొంత పేరుతో ఫలకం కావాలి. మొదటిసారి ఉలి జారి పేరుకు అడ్డంగా గాటు పడింది. రెండోసారి అదే పేరు దగ్గర పెచ్చు ఊడింది. తన పేరు మీదే ఇలా జరుగుతోందంటే ఎవరో చేతబడి చేయించారని సేఠ్‌కు అనుమానం కూడా వచ్చింది. మూడో ఫలకం ఆ రోజు నాలుగింటికి తీసుకుపోతానని కబురు పెట్టాడు.

నేను వెళ్లేసరికి మనోరమక్క గుమ్మంలోనే అందుకుంది. "ఇది గూడ చెడిందనుకో, సోమవారం కంప్యూటర్ మిషన్ తెప్పిస్త. మాట గూడ అయింది. కాక ఇంటికాడ కూసుంటడు, ఏం జేస్త!"

ఆమె కఠినంగా అన్నా కళ్లు మాత్రం లోపలికే చూస్తున్నాయి. పెళ్లై వచ్చిన నాటి నుంచీ చూస్తున్న మనిషిని పొమ్మనడం ఎవరికి ఇష్టం?

ఎంకయ్య మూలన తన బల్ల దగ్గర ఖాళీగా కూర్చున్నాడు. ఆయన తలకు పక్కగా, రెండు వైపులా రెండు పాతకాలం గుండు బల్బులు వేలాడుతుంటాయి. ట్యూబులైటు వెలుగులో గాడి లోతు కనపడదట, పక్క నుంచి పడే పచ్చని వెలుగులోనే అక్షరం నీడ తెలుస్తుందట. నన్ను చూసి లేచి వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"అజమత్, లైట్లదే తప్పని అందరితోని కొట్లాడుతున్న గని, నా కండ్లే పోయినయేమో. నాకే తెల్వట్లే. భయమైతుందిరా."

నాకు పాపమనిపించింది. అందుకే గట్టిగా తిట్టాను. "కరెంటు మీద నాకంటే ఎక్కువ తెలిసినట్టు మాట్లాడకు. కూసో!"

ముందు రోగం చూడాలి గదా. షెహబాజ్‌ను మిషన్ పెట్టమన్నాను. షెహబాజ్ బండల అంచులు కోసేవాడు. కోత మిషన్‌ది రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటరు. వాడు ముక్కూ మూతీ కప్పిన మందపాటి మాస్కు లోపల ఏదో 'ఊ' అన్నాడు, స్విచ్ నొక్కాడు. మోటరు మూలిగింది. బల్బులు నిప్పు కణికల్లా ఎర్రబడి, రెండు సెకన్లు ఆగి మళ్లీ వెలిగాయి. ఆ రెండు సెకన్లూ షెడ్డు షెడ్డంతా చేతులు పైకెత్తి నిలబడింది. పాలిష్ పట్టేవాడు, రంగు వేసే రాహేలమ్మ, ఆఖరికి చాయ్ తాగుతున్న మనోరమక్క కూడా గ్లాసు కింద పెట్టి చేతులెత్తింది. పోలీసులొచ్చారా అన్నంత పనైంది.

"ఇదేం ఆటక్కా?"

"ఆట గాదు, అలవాటు. షెహబాజ్ 'లైటూ!' అని ఒర్లుతడు. అందరం చేతులెత్తి మూడు లెక్కపెడ్తం. ఎండాకాలం నుంచి గిట్లనే నడుస్తుంది."

"మరి ఇప్పుడు వాడు ఒర్లలేదు గదా?"

"ఒర్లిన చాచా" అన్నాడు షెహబాజ్, మాస్కు కిందికి లాగి. "మాస్కుల నుంచి బయటికి రాలే."

ఆ మాస్కులు ఎప్పుడొచ్చాయని అడిగాను. దుమ్ముకు ఊపిరితిత్తులు పాడవుతున్నాయని పదిరోజుల కిందే మనోరమక్క కొని ఇచ్చిందట. కళ్లెదుట ఉన్నవాళ్లు షెహబాజ్‌ను చూసి చేతులెత్తుతున్నారు. ఎంకయ్య ఒక్కడే గోడవైపు తిరిగి కూర్చుంటాడు. ఆయనకు కేక ఒక్కటే ఆధారం. కేక పోయింది, ఫలకాలు పోయాయి. మాస్కు తీస్తే దుమ్ము, పెడితే చీకటి. నా ప్రాణం కాస్త కుదుటపడింది. కళ్లు కాదు, లైట్లే. కానీ మాటతో నమ్మే మనిషి కాదు మనోరమక్క.

ఇక లైట్ల సంగతి. షెడ్డుకు మూడు ఫేజులు వస్తాయి, ఎరుపు, పసుపు, నీలం. పాలిష్ మిషన్‌ది పెద్ద మోటరు, అది మూడింటినీ సమంగా వాడుకుంటుంది. మిగతావన్నీ ఒక్కో ఫేజుతో నడిచేవి. వాటిని మనమే మూడింటికీ పంచాలి. వైరును దవడల మధ్య పట్టి కరెంటు చూపించే మీటరు తీసి ఒక్కో ఫేజుకూ తగిలించాను. కోత మిషన్, పాలిష్ మిషన్ రెండూ ఆపి ఉన్నాయి. పసుపు మీద సున్న. నీలం మీద సున్న. ఎరుపు మీద పద్నాలుగు ఆంపియర్లు! కోత మిషన్ పెట్టించాను. మొదలయ్యే క్షణంలో ఎరుపు అరవై దాటింది, దాని వోల్టేజి రెండువందల ఇరవైఆరు నుంచి నూట డెబ్బైకి జారింది. మోటరు పరుగందుకోవడానికి మొదట్లో అయిదారింతలు లాగుతుంది. స్తంభం నుంచి షెడ్డుదాకా వచ్చే వైరు సన్నం, పొడుగు. అంత కరెంటు లాగితే ఆ ఫేజులో వోల్టేజి పడిపోతుంది. బల్బులు కూడా అదే ఫేజు మీదుంటే గుడ్డివి కాక ఏమవుతాయి?

ముగ్గురు మోయాల్సిన మూట ఒక్కడి నెత్తిన పెట్టి, ఇద్దరిని నీడలో కూర్చోబెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను లైట్లు పసుపు మీద పెట్టిన! ఆఫీసు నీలం మీద పెట్టిన! ఎవడో వచ్చి అన్నీ తెచ్చి ఎరుపు మీద తగిలేసిండు. ఎవడా లంగ? దొరకాలె వాడు, చేతులు ఇరగ్గొడ్త!"

ఎంకయ్య మెల్లగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకుని, బోర్డు మూత పూర్తిగా తీశాను. ఎరుపు దగ్గర కొత్త జాయింటు. దాని మీద టేపు లేదు. ఎర్రమట్టి జాజులో ముంచిన దారం, బండ మీద అక్షరాలకు గీత కొట్టుకునే దారం, పొందికగా వరుసలు పేర్చి చుట్టి ఉంది. అంత నీటుగా దారం చుట్టే మనిషి ఆ షెడ్డులో ఒక్కడే. నేను ఇరగ్గొడతానన్న చేతులు అవే.

నాకు సిగ్గేసింది. అన్న మాట గొంతులోకి వెనక్కి పోదు.

"ఎవరు చేసిన్రు భాయ్?" అని వెనక నుంచి మనోరమక్క.

"ఎలుకలక్కా."

"ఎలుకలు వైరు మార్చి, దారం చుట్టి పోతయా?"

"తాండూరు ఎలుకలు మస్తు హుషారక్కా. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆమె గడియారం చూసుకుని వెళ్లిపోయింది. ఎంకయ్య నా స్టూలు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఎండాకాలం గాలివాన గుర్తుందా? ట్రాన్స్‌ఫార్మర్ కాడ రెండు ఫ్యూజులు కొట్టేసినయి. ఎరుపు ఒక్కటే వస్తుండె. తెల్లారి ఒక పలక పోవాలె. మనోరమమ్మనే అన్నది, కాకా, లైట్లు దాని మీదికి కలుపు, ఫ్రిజ్‌ల పాలు ఇరిగిపోతయి, ఆఫీసుది గూడ కలుపు అని. కలిపిన."

"తర్వాత మూడూ వచ్చినయి గదా! వెనక్కి ఎందుకు పెట్టలే?"

"అన్నీ మంచిగ వెలుగుతున్నయి. వెలిగేదాన్ని ఎవడన్న ముడ్తడా?"

ఈ జిల్లాలో సగం బోర్డులు ఆ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి.

దారం విప్పి పని మొదలుపెట్టాను. ఎరుపు మీద కోత మిషన్ ఒక్కటే ఉంచాను. లైట్లు, ఫ్యాన్లు పసుపుకు మార్చాను. కూలరు, ఫ్రిజ్, నీళ్ల మోటరు నీలానికి ఇచ్చాను. నీళ్ల మోటరు చిన్నదే కానీ అదీ మోటరే, లైట్ల దగ్గరికి దాన్ని రానివ్వకూడదు. కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైరుకు వదులైన స్క్రూలు బిగించాను. పాలిష్ మిషన్ తప్ప అన్నీ నడుస్తుండగా చూస్తే ఎరుపు పది, పసుపు అయిదు, నీలం తొమ్మిది. అంతకుముందు న్యూట్రల్‌లో తిరిగిపోతున్నది ఇరవైనాలుగు, ఇప్పుడు ఆరుకు లోపే.

మూడుంబావు. ఫలకంలో చివరి పేరు మిగిలింది. అది సేఠ్ పేరే. ఎంకయ్య ఉలి పట్టుకున్నాడు గానీ రాయికి ఆనించడు. ఇప్పుడిక లైట్ల మీద నెపం లేదు. చెడితే కళ్లే.

"చెక్కు, అన్నా" అన్నాను. "లైట్లు ఊగితే నా చెయ్యి ఇరగ్గొట్టు."

ఆయన మొదటి దెబ్బ వేశాడు. షెహబాజ్‌కు సైగ చేశాను. మోటరు మూలిగింది. రాహేలమ్మ చేతులెత్తింది, పాలిష్ పట్టేవాడు ఎత్తాడు, మనోరమక్క ఎత్తింది, తౌబా, నేనూ ఎత్తాను. బల్బులు మాత్రం కదల్లేదు. ఎంకయ్య తలెత్తి వాటిని ఒకసారి చూసి, మళ్లీ బండ మీదికి వంగాడు. షెహబాజ్ అరగంటలో తొమ్మిది సార్లు మిషన్ ఆపి మళ్లీ చాలు చేశాడు. ఉలి ఒక్కసారి కూడా ఆగలేదు. చివరి అక్షరం దగ్గర మనోరమక్క కళ్లు తుడుచుకుని, దుమ్ము అంది.

సేఠ్ వచ్చాడు. తన పేరు మీద వేలు పెట్టి అటు నుంచి ఇటుదాకా తడిమాడు. గాటు దొరకలేదు. కొంచెం నిరాశపడ్డట్టే ఉన్నాడు, ఎవరూ ఏమీ చేయించలేదని తేలినందుకు. కంప్యూటర్ మిషన్‌వాళ్లకు మనోరమక్క అక్కడే నిలబడి వద్దని ఫోన్ చేసింది.

నాలుగు రోజుల తర్వాత అటువైపు పోతూ తొంగి చూశాను. బోర్డు పక్కన గోడకు చిన్న నాపరాయి పలక బిగించి ఉంది. లోతుగా, నీటుగా చెక్కిన అక్షరాలు.

*ఎరుపు మిషన్‌కు. పసుపు లైట్లకు. నీలం ఆఫీసుకు.*
*ముట్టినవాడు: ఎంకయ్య.*
*ముట్టమన్నది: మనోరమ.*

కిందనెక్కడో సన్నగా ఇంకో వరుస. *తిట్టినవాడు: అజమత్.*

మనోరమక్క దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆమెకు పాలూ ఫ్రిజ్జూ గుర్తొచ్చాయని మొహం చూస్తే తెలుస్తోంది. ఎంకయ్య బల్ల దగ్గర ఉలి కింద పెట్టి ఆమెనే చూస్తున్నాడు.

పలకను పైనుంచి కిందిదాకా ఇంకోసారి చదివి ఆమె అంది, "కాకా, ఇన్ని పలకలు చెక్కినవ్, వరుస తెల్వదా? ఓనర్ పేరు పైన రావాలె."

"ఇంకోటి చెక్కుతమ్మా" అన్నాడు ఎంకయ్య, ఉలి అందుకుంటూ.