తనిఖీ గడి

తలుపు తీస్తూనే మా అమ్మాయి, "ఫ్యాను వేస్తున్నా మేస్టారూ" అంది. లోపల ఎవరూ లేరు. ఫ్యాను తిరిగాక, కిటికీ పక్కనున్న ఖాళీ తిరుగుడు కుర్చీ కూడా గాలికి మెల్లగా ఇటు తిరిగింది.

"కాగితాలు ఎగురుతాయని ముందే చెప్పమనేవారు" అంది సిగ్గుపడి. "అలవాటు పోలేదు నాన్నా."

ఉక్కు మెట్లు, చిన్న షెడ్లు డిజైన్ చేసే ఆఫీసు అది. రెండు గదులు. చదువు అవగానే మా అమ్మాయి ఇక్కడే చేరింది. పని నేర్పిన మేస్టారు వానలకు ముందు నిద్రలోనే పోయారు. పైఅంతస్తులో ఉండే ఆయన భార్య ఇప్పుడు ఆఫీసు చూసుకుంటున్నారు. గీసేది మా అమ్మాయి ఒక్కతే. ఒక పెద్ద కంపెనీ దాన్ని రమ్మంది. జవాబు రేపు చెప్పాలి. ఇది వెళితే ఆఫీసు మూతపడుతుంది. అందుకే ఎటూ తేల్చుకోలేక, ఆదివారమైనా ఒక డ్రాయింగు పంపే పని ఉందంటూ నన్ను వెంటబెట్టుకొచ్చింది.

"నువ్వు చేసిన పెద్ద కంపెనీలో మొదటి పదేళ్లూ ఏం నేర్చుకున్నావు?" అని అడిగింది.

"బోల్టులు."

"అంతేనా?"

"దూలాల్ని కలిపే బోల్టులు. దూలాలు పక్క గదివాళ్లవి. వాటి జోలికెళితే ఊరుకునేవాళ్లు కాదు."

పకపకా నవ్వింది. "నేను మొదటి ఏడాదే మెట్లు మొత్తం గీశాను. వెల్డరు చేత తిట్లు కూడా తిన్నాను."

"నాకు ఆ భాగ్యం కలగలేదు. కానీ మీ అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఖర్చు కంపెనీ బీమాలో పోయింది. నా బల్ల మీద పని పక్కవాడు చేసిపెట్టాడు. పనికెప్పుడొస్తావని ఒక్కరూ ఫోను చేసి తొందరపెట్టలేదు."

అది ప్రింటరులోంచి వచ్చిన కాగితం తీసింది. ఒక బడికి వేసే మెట్ల డ్రాయింగు. చూస్తూ చూస్తూ కింది మూల దగ్గర ఆగిపోయింది. మొహంలో రంగు మారింది.

'గీసినవారు' అన్న గడిలో దాని పొడి అక్షరాలు. 'తనిఖీ చేసినవారు' అన్న గడిలో మేస్టారివి.

"పాత ఫైలు మీదే కొత్తది గీస్తాం నాన్నా. ఆ గడి మార్చలేదు."

గబగబా కంప్యూటరులో ఒక్కో డ్రాయింగూ తెరిచింది. ఆయన పోయాక గీసిన ప్రతిదాన్నీ ఆయనే తనిఖీ చేసి ఉన్నారు.

"ఎవరూ చూడలేదు" అంది. "ఆయన చూశారన్న ధైర్యంతో పంపేస్తూ వచ్చాను."

"ఇది ఇలా ఇవ్వు. నేను చూస్తాను."

కళ్లజోడు తుడుచుకుని మెట్ల లెక్క మొదలుపెట్టాను. సగం నాకు కొత్తే. అదే ఓపిగ్గా వివరించింది. మెట్లు పైదూలాన్ని పట్టుకునే ఉక్కు పలక దగ్గరికి వచ్చాక మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఈ బోల్టు ముందు చిన్నదా?"

"అవును. చివర్లో పెద్దది చేశాను, బలం చాలదనిపించి."

"రంధ్రం పెద్దదయింది, పలక పెరగలేదు. అంచు మరీ దగ్గరైపోయింది. బరువు పడితే అక్కడ చిరుగుతుంది."

అప్పటికప్పుడే పలకలు కోసే షాపుకి ఫోను చేసింది. నిన్న పంపిన కొలతలతో కోతలు అయ్యాయట, రంధ్రాలు ఇంకా వేయలేదట. "ఆపండి, పలకలు మారుతున్నాయి" అంది. ఫోను పెట్టి డ్రాయింగులో పలక కొలత పెంచింది.

మేస్టారి భార్య టీ పట్టుకుని ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. దగ్గరికి వచ్చి తెర మీద ఆ రెండక్షరాలనూ వేలితో తాకారు.

"ఇన్నాళ్లూ పనిలోనే ఉన్నారన్నమాట" అన్నారు. ఆ తరువాత, "ఆయన పదేళ్లు పెద్ద కంపెనీలో చేశాకే ఇది పెట్టారమ్మా. రోజూ తన తప్పులు పట్టేవాళ్లు అక్కడ నలుగురున్నారని చెప్పేవారు. నీకు ఆయనొక్కరే. నువ్వు వెళ్లు."

"మరి ఆఫీసు, పిన్నిగారూ?"

"తాళం వేయడం నాకూ వచ్చులే."

మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. "వెళతాను. కానీ పంపినవన్నీ బయటి ఇంజనీరుకి చూపించాకే. అప్పటిదాకా ఆగమని రేపు కంపెనీవాళ్లను అడుగుతాను. ఆగకపోతే పోనీ."

"ఆ ఇంజనీరు ఖర్చు నాది" అన్నారావిడ.

గడిలో మేస్టారి అక్షరాలు చెరిపింది. నన్ను చూసి, నా పొడి అక్షరాలు పెట్టబోయి ఆగింది. "నువ్వు బోల్టులే చూశావుగా నాన్నా" అంది. గడి ఖాళీగానే ఉంచేసింది.

వెళ్లేటప్పుడు స్విచ్చు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"ఫ్యాను ఆపేస్తున్నా మేస్టారూ."

మేం ముగ్గురం కిటికీ పక్క కుర్చీ కదలడం ఆగేదాకా నిలబడ్డాం.