పదిన్నర గంటల తేడా

ఇల్లు కదలకుండా చేసే ఉద్యోగం ఈ నెలాఖరులోగా దొరకాలి. దొరక్కపోతే ఆమె టౌనులో ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళాలి, భర్తను సంరక్షణ కేంద్రంలో చేర్చాలి. ఆ కేంద్రం దరఖాస్తు మంచం పక్కన సొరుగులో ఉంది.

ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తూ మెట్ల మీంచి పడినప్పటి నుంచి ఆయనకు నడుము కింది భాగం కదలదు. రెండు గంటలకోసారి ఆమె ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. అందుకోసమే మూడేళ్ళ కిందట కస్టమర్ సపోర్టు టీములో ఉద్యోగం మానేసింది.

అక్క మొగుడు ఒక కంపెనీలో మనుషుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాడు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి ఆమె రెజ్యూమె చదివాడు.

"ఇదేంటి మరదలా, వాడిన యాప్‌లన్నీ సరుకుల చీటీలా రాశావు?"

"వాడాను కదా బావా."

"అందరూ వాడతారు. వాటితో ఏం చేశావు? అది రాయి."

ఆమె ఆలోచించింది. "మా షిఫ్టు అయిపోయేటప్పుడు మిగిలిన ఫిర్యాదులన్నీ టీమంతా చూసే ఆన్‌లైన్ బోర్డు మీద పెట్టేదాన్ని. ఎవరికి ఏం చెప్పామో, ఇంకా ఏం చెయ్యాలో రాసేదాన్ని. అవతలి దేశంలో తర్వాతి షిఫ్టు వాళ్ళు పొద్దున లేచి చూసుకుంటే నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు."

"అదే! ఇంతసేపూ దాచుకున్నావా? పన్నెండు మంది టీము, మూడు షిఫ్టులు, రాతపూర్వక అప్పగింత. పైన ఎవరూ నిలబడకుండా పని పూర్తి చేశావని దానితోనే తెలుస్తుంది. 'స్వీయ క్రమశిక్షణ ఉంది' అని ఎవడైనా రాస్తాడు." మూడేళ్ళ ఖాళీని కుటుంబ సంరక్షణ అని ఒక్క వాక్యంలో రాయించాడు. తర్వాత కింది లైను దగ్గర ఆగాడు. "'ఏ టైమ్ జోన్ అయినా సరే' అంటే ఎవరు నమ్ముతారు? గ్లోబుల కొట్టు పెట్టావా ఏంటి? ఏ గంటల్లో వాళ్ళతో కలిసి కూర్చోగలవో అది చెప్పు."

బావ వెళ్ళాక ఆమె తను దరఖాస్తు చేయబోయే విదేశీ కంపెనీల దేశానికీ తమకూ తేడా లెక్కేసి రాసింది: 'మీకంటే పదిన్నర గంటలు ముందు. రోజూ మీ ఉదయం నాలుగు గంటలు మీతో కలిసి పనిచేయగలను.' ముప్ఫై ఎనిమిది కంపెనీలకు పంపింది. మూడు వారాలు ఎవరూ పలకలేదు. నాలుగో వారంలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. 'మంగళవారం ఉదయం తొమ్మిదికి, మా సమయం ప్రకారం' అని రాసి వీడియో కాల్ లింకు పంపారు. ఆమె సరేనని బదులిచ్చింది.

తొమ్మిదికి పదిన్నర కలిపితే రాత్రి ఏడున్నర అవుతుంది. మంగళవారం ఆరున్నరకు ఆయన్ని గోడ వైపు తిప్పింది, వీపు తుడిచింది, దుప్పటి సర్దింది.

"చొక్కా మార్చుకో. పెళ్ళిచూపులకు వెళ్ళినట్టుండాలి," అన్నాడు ఆయన.

"అప్పుడు మాత్రం మీరు ఏం మార్చుకుని వచ్చారు?"

ఆయన నవ్వాడు.

ఏడున్నరకు అయిదు నిమిషాల ముందు లింకు నొక్కింది. తెర మీద ఆమె ముఖం తప్ప ఎవరూ లేరు. ఏడున్నర దాటింది. ఎనిమిది. అప్పుడు మెయిలు తెరిచింది. ఆరు గంటల యాభై నిమిషాలకు వచ్చిన ఉత్తరం అందులో ఉంది.

ఆమె బావకు ఫోన్ చేసి చదివి వినిపించింది. 'ఇరవై నిమిషాలు వేచి చూశాము. వేర్వేరు సమయ మండలాల్లో పనిచేయడం ఈ ఉద్యోగానికి ప్రధాన అర్హత. అది మీకు చేతనవునని మీ రెజ్యూమెలో ఉంది. అందుకే మీ దరఖాస్తుతో ముందుకు వెళ్ళలేము.'

బావ తేదీలు లెక్కేశాడు. "రెండు వారాల కిందట ఆదివారం వాళ్ళు గడియారాలు ఒక గంట ముందుకు జరిపారమ్మా. ఏటా ఎండాకాలానికి జరుపుతారు. తేడా ఇప్పుడు తొమ్మిదిన్నరే."

"పాత ఆఫీసులో కంప్యూటరు క్యాలెండరు ఆ గంటను దానంతటదే మార్చేది బావా. నేనెప్పుడూ లెక్క పెట్టలేదు."

"మన టైము కూడా రాసి, 'ఇదేనా' అని అడిగి ఉండాల్సింది. నేనైనా చెప్పాల్సింది. నీ రెజ్యూమెలో ఆ పదిన్నర నేను చూళ్ళేదు."

"మళ్ళీ అడగనా?"

"అడుగు. ఉత్తరం రాయి, క్షమాపణ చెప్పు." గొంతులో బలం లేదు. ఆమెకు వినిపించింది.

రాసింది. బుధవారం, గురువారం జవాబు రాలేదు. మిగిలిన ముప్ఫై ఏడు చోట్లా అదే అంకె వెళ్ళిందని ఆమెకు తెలుసు. ఫైలు తెరిచి దిద్దింది. కొత్తగా పంపడానికి జాబితాలో కంపెనీలు మిగల్లేదు. నెలాఖరు శుక్రవారం.

శుక్రవారం పొద్దున సొరుగులోంచి దరఖాస్తు తీసింది. ఆయన తల తిప్పి చూశాడు.

"వాళ్ళు రాయలేదా?"

"లేదండీ."

"పెన్ను ఉందా?"

"ఉంది."

"కిటికీ పక్క మంచం ఖాళీ ఉందేమో అడుగు."

ఆమె మొదటి గడిలో ఆయన పేరు రాసింది. రెండో గడిలో వయసు రాసింది. మూడో గడిలో, ఇంట్లో చూసుకునేవారు లేరు అన్న చోట, టిక్కు పెట్టింది.