వందో బిళ్ళ

బోర్డు మీద ఇంగ్లీషు మాటలు కట్టే ఆట మొదలయ్యే ముందు అక్షరాల బిళ్ళలన్నీ పదేసి చొప్పున పది వరసలు పేర్చి, వందా ఉన్నాయని చూసుకోవడం మా క్లబ్బు ఆచారం. ఆ ఆదివారం పేర్చలేదు. మా ఆడపడుచు ఎవెరిల్ వదిన ఆలస్యంగా వచ్చింది. పైగా టీ క్యూలో నిలబడి, చివరి నిమ్మకాయ కేకు ముక్క దక్కించుకుని మరీ వచ్చింది.

"మొదలుపెట్టండమ్మా, గడియారం నొక్కేశా," అన్నాడు పోటీ నడిపే టిండాల్.

బిళ్ళలు వేసుకోవడానికి వదిన తన సొంత సంచీ తెచ్చింది. పాత కర్టెను గుడ్డతో తనే కుట్టుకుంది, లోపల అస్తరు కూడా వేసింది. అదృష్టం సంచీ అని దాని పేరు.

నా భయం గెలుపోటముల గురించి కాదు. బోర్డు మీదికి వచ్చిన ప్రతి అక్షరాన్నీ కాగితం మీద కొట్టేస్తూ పోతే, ఇంకా ఏవి బయటికి రాలేదో తెలుస్తుంది. కిందటి నెలలో నా కాగితం లెక్క రెండుసార్లు తప్పింది. మా అమ్మకు మతిమరుపు జబ్బు మొదలైంది కూడా లెక్కలతోనే. పాల సీసాలు ఎన్నో చెప్పలేక నవ్వేసేది. మూడోసారి తప్పితే జ్ఞాపకశక్తి పరీక్షకు వెళ్తానని మా ఆయన డెస్మండ్‌కు మాటిచ్చాను. ఆయన వెంటనే అపాయింట్‌మెంటు తీసేసుకున్నాడు. ఆయనకు లేనిది ఓపిక ఒక్కటే.

చివరికొచ్చేసరికి నేను ముప్ఫై పాయింట్లు వెనకబడి ఉన్నాను. నా ఏడు బిళ్ళల పలకలో ఆర్, ఈ, టీ, ఐ బాగా కుదిరాయి. పెద్ద మాటకు పనికొస్తాయని మూడు ఎత్తులుగా వాటిని కదల్చకుండా కాపాడుతున్నాను. అడ్డుగా ఉన్నవి వై, ఏ, ఎన్. బోర్డు మీద 'హోమ్' అని ఉంది. దాని మొదటి మూడు అక్షరాల కిందే ఆనించి 'ఎనీ' పెట్టాను. నిలువునా చూస్తే హెచ్ కింద ఏ, ఓ కింద ఎన్, ఎమ్ కింద వై. మూడూ మాటలే.

"పక్కపక్కన దూరి పాయింట్లు ఏరుకోవడం నీకు అలవాటేగా," అంది వదిన.

"మీ ఇంటికి కోడలిగా వచ్చాక నేర్చుకున్నా వదినా."

వాడిన మూడింటికి బదులు మూడు తీసుకోవడానికి సంచీని కళ్ళ ఎత్తుకు పట్టుకుని, మొహం పక్కకు తిప్పి చెయ్యి పెట్టాను. కాగితం ప్రకారం లోపల నాలుగుండాలి. మూడు వచ్చాయి. మూల మూలలా వెతికాను. నాలుగోది లేదు.

కాగితం మళ్ళీ చూశాను. బయటికి రానివి ఎనిమిది, వదిన పలకలో ఏడు. ఎక్కువైన ఆ ఒక్కటి ఎక్కడ కొట్టెయ్యడం మరిచిపోయాను? కొట్టేసిన గీతలు నావేనా అనిపించింది.

వచ్చిన మూడూ ఏ, ఎన్, ఎస్. 'రిటెయిన్స్': ఏడూ ఒకేసారి దిగుతాయి, యాభై అదనం. చోటు మాత్రం ఒక్కటే. బోర్డు మీదున్న 'ఆటర్', అంటే నీటికుక్క, దాని చివర ఎస్ తగిలేలా మాటను పైనుంచి కిందికి దించాలి. ఆటలో ఉండే నాలుగు ఎస్‌లలో మూడు బోర్డు మీదే ఉన్నాయి, నాలుగోది నా దగ్గర. ఇక ఆ కొసను తగులుకోగలిగేది, ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ బిళ్ళ ఒక్కటే. నా కాగితంలో మిగిలిన ఎనిమిదిలో ఒక ఖాళీ బిళ్ళ కూడా ఉంది.

గడియారం ఆపి టిండాల్‌ను పిలవచ్చు. బిళ్ళలు లెక్కపెడితే వంద వచ్చిందనుకోండి, నా సంగతి హాలంతటికీ తెలుస్తుంది. నోరు మూసుకున్నాను.

వదిన చెయ్యి 'ఆటర్' దాకా వెళ్ళింది. ఆగింది.

"ఏంటలా పాలిపోయావ్? టీలో పాలు విరిగాయా?"

"ఆలోచిస్తున్నా."

"మంచిదే. ఎప్పుడో ఒకప్పుడు మొదలెట్టాలి," అంటూ ఇంకో మూల ఏదో చిన్న మాట పెట్టి పన్నెండు పాయింట్లు తీసుకుంది.

'రిటెయిన్స్' దించాను. నా పలక ఖాళీ. గెలిచాను.

"దొంగా, ఎస్ దాచుకున్నావా!" అంటూ వదిన పలక తిప్పింది. ఖాళీ బిళ్ళ లేదు.

బిళ్ళలు పేర్చడం మొదలుపెట్టాను. తొమ్మిది వరసలు నిండాయి. పదో వరసలో తొమ్మిదే. నేల మీద చూశాం, కేకు పళ్ళెం కింద చూశాం. చివరికి వదిన సంచీని తిరగేసి పిసికింది. అస్తరు కుట్టు ఒకచోట విడిపోయి ఉంది. అందులోంచి ఖాళీ బిళ్ళ రాలింది.

నా లెక్క తప్పలేదు.

"ఓహో! కిందటి నెల మా ఇంట్లో రెండుసార్లు ఒకటి తేడా వచ్చిందన్నావే," అంది వదిన. "అప్పుడూ ఈ సంచీయేగా! నిన్ను ఎంత ఏడిపించాను! గుర్తులేదూ?"

మూడుసార్లూ నాదే రైటు. నవ్వాను.

వాళ్ళింట్లో ఆడినట్టు మాత్రం నాకు బొత్తిగా గుర్తులేదు.

"గుర్తులేకేం వదినా," అన్నాను.

డెస్మండ్ తీసుకున్న అపాయింట్‌మెంటు మంగళవారం. రద్దు చెయ్యొద్దని కాగితం వెనక రాసుకుని, కనబడేలా పర్సులో పైనే పెట్టుకున్నాను.