ఇస్త్రీ బల్ల దగ్గర మొదలుపెట్టే జట్టు

తోడికోడళ్లిద్దరూ కలిసి నడిపే కుట్టు దుకాణంలో మర్నాడు పొద్దున ఒక తరగతి, మధ్యాహ్నం ఇంకో తరగతి. ఒక్క పూటలో గుడ్డసంచి కుట్టడం నేర్పాలి. ఆలోచన చిన్నకోడలిది. ఉన్నవి ఒక కత్తిరింపు బల్ల, రెండు కుట్టుమిషన్లు, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, ఇస్త్రీపెట్టె ఒకటి. వచ్చేవాళ్లు పూటకి పన్నెండుమంది. ముగ్గురేసి చొప్పున నాలుగు జట్లు చేసి, ఒక్కో జట్టు ఒక్కోచోట మొదలుపెట్టి అరగంటకోసారి పక్క చోటికి జరిగేలా ఆమె అట్టమీద రంగురంగుల గళ్లు గీసింది. ఎవరూ ఖాళీగా కూర్చోరు. చూసుకుని తనే మురిసిపోయింది.

సాయంత్రం పెద్దకోడలు ఆ అట్ట చూసి, "బాగుంది గానీ అమ్మాయ్, ఈ పసుపు జట్టు రాగానే ఇస్త్రీ బల్ల దగ్గరికి పోతుంది కదా, ఏం ఇస్త్రీ చేస్తారు? వాళ్ల చీరలా?" అంది.

చిన్నకోడలు అట్ట లాక్కుని మళ్లీ చూసింది. ఓవర్‌లాక్ దగ్గర మొదలుపెట్టేవాళ్లకి కుట్టిన సంచి లేదు. కుట్టుమిషన్ల దగ్గరి వాళ్లకి కత్తిరించిన గుడ్డే లేదు.

"పోనీ అందరూ కత్తిరింపుతోనే మొదలుపెడితే?"

"ఒక్క బల్ల చుట్టూ పన్నెండుమందా? కత్తెరలతో యుద్ధమే!"

చిన్నకోడలు అట్టమీద గళ్లన్నీ వేలితో లెక్కపెట్టింది. "అక్కా, మనమే సగం సగం చేసి పెడదాం. మిషన్లవాళ్లకి కత్తిరించినవి, ఓవర్‌లాక్ వాళ్లకి కుట్టినవి, పసుపు జట్టుకి అంచులు కూడా వేసినవి. తలా ఒకటి."

అప్పటికప్పుడే కూర్చున్నారు. పెద్దకోడలు కత్తిరిస్తుంటే చిన్నకోడలు కుట్టింది. అత్తగారు దారప్పోగులు తెంపుతూ, "పెళ్లికి ముందే సగం వంట అన్నమాట" అని నవ్వింది.

పొద్దున తరగతి సాఫీగా సాగింది. గంట కొట్టగానే జట్లు జరిగాయి. చివరి పని ఇస్త్రీ దాటిన జట్టు కొత్త గుడ్డతో మళ్లీ కత్తిరింపు నుంచి మొదలుపెట్టింది. నాలుగు పనులూ అందరి చేతా అయ్యాయి. పూర్తయిన సంచి ఒకటి తలా చేతికొచ్చింది. ఒకావిడ తన వంకర కుట్టునే ముద్దుగా నిమురుకుంటూ వెళ్లింది.

అందరూ వెళ్లాక చిన్నకోడలు నీరసంగా కుర్చీలో కూలబడింది. "మధ్యాహ్నం వాళ్లకోసం మళ్లీ అన్నీ సిద్ధం చెయ్యాలి కదక్కా. అన్నం తినే తీరిక కూడా లేదు."

పెద్దకోడలు బల్లలమీద మిగిలిన గుడ్డలు చూపించింది. కత్తిరింపుతో ముగించినవాళ్లు వదిలినవి కత్తిరించిన ముక్కలు. మిషన్లతో ముగించినవాళ్లవి కుట్టిన సంచులు. ఓవర్‌లాక్‌తో ముగించినవాళ్లవి అంచులు వేసినవి. మూడేసి, సరిగ్గా మధ్యాహ్నం జట్లకి కావలసినన్ని.

చిన్నకోడలు ఒక్కొక్కటీ పట్టి చూసింది. కళ్లు మెరిశాయి. "అంటే ప్రతి తరగతీ తర్వాతిదానికి తనే సిద్ధం చేసి పోతుందా! నేను గీసింది నాకే అర్థం కాలేదన్నమాట."

"నీ పుణ్యమా అని నా నడుం బతికింది. లే, అన్నం చల్లారిపోతోంది."

అత్తగారితో కలిసి ముగ్గురూ కత్తిరింపు బల్ల ఖాళీ చేసి, దానిమీదే విస్తరాకులు పరుచుకుని తీరిగ్గా భోంచేశారు.