ముప్పై దగ్గర ముప్పు

డిపో నుంచి ఫోనొచ్చినప్పుడు ఇంట్లో అత్తగారొక్కతే ఉంది. "మీ అల్లుణ్ణి బడి ముందు పట్టుకున్నారు" అన్నాడు అవతలివాడు. చెవుడు గోరంత, కంగారు కొండంత ఉన్న ఆవిడకు అది "మీ అల్లుడు బండి ముందు పడుకున్నాడు" అని వినిపించింది. కూతురు పని నుంచి వచ్చేసరికి ఆవిడ గుమ్మంలో కూలబడి ఉంది. చుట్టూ ఇరుగుపొరుగు చేరి ఓదారుస్తున్నారు. అంతలో అల్లుడే అన్నం డబ్బా ఊపుకుంటూ నడిచొచ్చాడు. ఏడుపు ఆపాలో పెంచాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సంగతి విన్నాక పెళ్లాం నమ్మలేదు. "స్పీడుగా పోయారా? మీరా?" అంది.

ఆ అనుమానం న్యాయమైనదే. బస్సు డ్రైవర్లలో ఆయన్ని 'నిదానం' అంటారు. పెళ్లిలో తాళి కట్టే ముందు కూడా అద్దంలో వెనక ఎవరైనా వస్తున్నారేమో చూసుకున్నాడని డిపోలో ఒక కథ. అలాంటివాడు బడి ముందు ముప్పై దాటకూడని చోట నలభై మీద పోతూ దొరికాడు.

పట్టుకున్న పోలీసు అరవలేదు. అరిచినా బాగుండేది. బస్సు పక్కకు తీయించి, పిల్లలు దాటే తెల్లచారల వైపు చూపించి, తీరిగ్గా చెప్పాడు. "యాభైలో వచ్చే కారువాడు పిల్లాణ్ణి చూసి బ్రేకు మీద కాలు వేసే చోటుకి ముందే, ముప్పైలో వచ్చేవాడు ఆగిపోయి ఉంటాడు. నీది కారు కూడా కాదు, ఇంకా ముందుకు ఈడుస్తుంది. పిల్లలకి బండి కనపడుతుంది గానీ దాని వేగం అంచనాకి అందదు. వాళ్ల బదులు నువ్వే లెక్క కట్టుకోవాలి." ఇంకొక్కసారి దొరికితే లైసెన్సు ఆరు నెలలు తమ బీరువాలో ఉంటుందని కూడా చెప్పాడు.

లైసెన్సు బీరువాలో ఉంటే డ్రైవరు బజార్లో ఉంటాడు. పోనీ నిదానంగా పోదామంటే డిపోలో కొత్త టైంటేబులుంది. అది వచ్చినప్పటి నుంచి ఆయన ప్రతి ట్రిప్పూ ఆలస్యమే. ఇప్పటికే రెండు మెమోలు అందాయి. మూడోది వస్తే స్టీరింగు లాక్కుని, బస్సులు కడిగే షెడ్డులో గొట్టం చేతికిస్తారు. వేగం పెంచితే పోలీసు, పెంచకపోతే వేగిపోవడం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు పెద్దలు. ఈయనకు ముందు పోలీసు కెమెరా, వెనుక మెమో.

అన్నిటికన్నా చిత్రం ఏమిటంటే, ఆయన తొక్కగలిగిన చోట తొక్కకూడదు, తొక్కినా తప్పులేదనిపించే చోట బస్సు కదలదు. ఊరి బయట పెద్ద రోడ్డు నున్నగా, తిన్నగా, బోసిగా ఉంటుంది. అక్కడ బస్సుకు ఎనభై హద్దు. ఆ హద్దు దాటకుండా ఇంజనుకు ఒక పరికరం బిగించారు. దాన్ని గవర్నర్ అంటారు. అత్తగారు మాత్రం ఎవరో పెద్దాయన రోజూ అల్లుడి బస్సులోనే ప్రయాణం చేస్తాడనుకుని, ఇల్లు ఒకటి ఇప్పించమని అడగమంటుంది. ఆ గవర్నరు ఎవరి మాటా వినడు. కాబట్టి పోయిన నిమిషాలు తిరిగి దొరికేది ఇళ్ల మధ్యలో, కూరగాయల బళ్ల మధ్యలో, బడి ముందు. అంటే హద్దులు ఎక్కడ బిగిశాయో అక్కడే.

డ్రైవరు సీటు చుట్టూ మూడు వైపులా అద్దాలు, నాలుగో వైపు ప్రయాణికుల చూపులు. ఎదురుగా ఎర్రంకెల గడియారం. వెనక్కి తిరగక్కర్లేదు, గొణుగుళ్లు వీపుకే తగులుతాయి. నడిచిపోయినా ఈపాటికి చేరేవాళ్లమని ఒకడు, ముసలి ఎద్దుకి లైసెన్సిచ్చారని ఇంకొకడు. బస్సుకు గతి తక్కువైతే మనిషికి గతి లేకుండా పోతుందని ఆయనకు ఆ సీట్లోనే తెలిసొచ్చింది. ఇంటికొచ్చినా ఆ అద్దాలు వదల్లేదు. అన్నం ముందు కూర్చుని కుడికాలు నేలకు అదుముతూ ఉండేవాడు.

"నిద్రలో కూడా తొక్కుతున్నారు, నా కాలు వాచిపోయింది" అంది పెళ్లాం. "వెళ్లి ఆ సారుతో చెప్పండి."

టైంటేబుల్ వేసే సారును డిపోలో 'నిమిషం సారు' అంటారు. ఏదడిగినా ఒక్క నిమిషం అంటాడు, ఆ నిమిషాన్ని మాత్రం ఎవరి ట్రిప్పులోనూ కలపడు. నిదానం చెప్పిందంతా విని, దారి తానే స్వయంగా నడిపి చూశానని, స్టాపుల్లో ఆగే సమయం కూడా కలిపానని, మిగతా డ్రైవర్లంతా వేళకే వస్తున్నారని అన్నాడు. వాళ్లు వస్తున్నది నిజమే. ఎలా వస్తున్నారో వాళ్లు చెప్పరు, తోటివాళ్ల మీద ఈయన చెప్పలేడు.

"రేపు నీ పక్కనే కూర్చుంటాను. ఆలస్యమైతే మూడో మెమో అక్కడికక్కడే రాసిస్తా" అన్నాడు సారు.

మర్నాడు పొద్దున్న సారు ముందు సీట్లో సర్దుకున్నాడు. ఊళ్లో యాభై హద్దులో ఉన్నంతసేపూ సారు గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. పెద్ద రోడ్డు ఎక్కాక ముల్లు ఎనభై దగ్గర నిలబడింది. కార్లు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. సారుకు కాళ్లు దురద పెట్టాయి.

"తొక్కవయ్యా, రోడ్డు ఖాళీ."

నిదానం నేలదాకా తొక్కాడు. ముల్లు కదల్లేదు.

"నేను ఇక్కడ నూరులో వచ్చాను" అన్నాడు సారు. అంటూనే పక్కన వచ్చే బోర్డు చూశాడు. పైన పెద్దక్షరాల్లో నూరు, కింద చిన్న పలక మీద బస్సు బొమ్మ, లారీ బొమ్మ, ఎనభై. అది దాటిపోయేదాకా మెడ తిప్పి చూశాడు.

బడి దగ్గరికొచ్చేసరికి ముప్పై బోర్డు మీద పసుపు దీపాలు కొట్టుకుంటున్నాయి. గడియారం ఎనిమిది నిమిషాల ఆలస్యం చూపిస్తోంది. వెనక ఎవరో హారన్ మోగిస్తూనే ఉన్నారు. నిదానం కాలు బ్రేకు మీదే ఉంచాడు. మెమో వస్తే రానీ అనుకున్నాడు గానీ, గొట్టం పట్టుకున్న తన చేతులు కళ్లముందు కనపడుతూనే ఉన్నాయి. పిల్లలు సంచులు మోసుకుంటూ, ఒకరి జడ ఒకరు లాగుతూ, రోడ్డు తమ ఇంటి వసారా అన్నట్టు దాటారు.

"ఈ దీపాలు నేనొచ్చిన రోజు వెలగలేదు" అన్నాడు సారు మెల్లగా.

"బడి పెట్టే, వదిలే వేళల్లోనే వెలుగుతాయి సార్. మీరు ఏ రోజు వచ్చారు?"

సారు వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. మెమో పుస్తకం మాత్రం సంచిలోంచి బయటికి తీయలేదు.

సాయంత్రం డ్రైవర్లు టీ తాగే గదికి సారే వచ్చాడు. అందరినీ కూర్చోమని, తాను నిలబడే చెప్పాడు. దారి కొలిచింది తన సొంత కారులోనట. ఆఫీసు పని అడ్డం రాకుండా సెలవు రోజు చూసుకుని వెళ్లాడట. ఆ రోజు బడి లేదు, దీపాల్లేవు, ముప్పై హద్దు లేదు. పెద్ద రోడ్డు మీద కారు హద్దులో నడిపి, ఆ నిమిషాలనే బస్సు నెత్తిన పెట్టాడు. "కాబట్టి ఇన్నాళ్లూ వేళకొచ్చినవాళ్లు ఎక్కడ తొక్కారో నాకిప్పుడు తెలుసు" అన్నాడు. గదిలో సగం మంది గ్లాసుల్లోకి చూసుకున్నారు.

కొత్త టైంటేబుల్ బస్సులోనే, బడి ఉన్న రోజే కొలుస్తారనీ, అందాకా మెమోలు ఉండవనీ, నిదానానికిచ్చిన రెండూ రద్దనీ చెప్పాడు.

"మరి పోలీసు దగ్గరిది?" అడిగాడు నిదానం.

"అది నా చేతుల్లో లేదయ్యా" అన్నాడు సారు. "ఆ రోజు కాలు నీదే కదా."