మూడో సోర్సు

ఎర్రపెన్ను గీత చూడగానే జ్యోతిర్మయికి ఒళ్ళు మండింది. "నిజాంపట్నం దగ్గర వరి వేసే మా పిన్ని కోటేశ్వరి చెప్పిన ప్రకారం" అన్న చోటు నుంచి ఆరు వరుసలు భానుప్రకాష్ సార్ అడ్డంగా కొట్టేశాడు. పక్కన "ఇది సోర్సు కాదు" అని రాశాడు.

నరసరావుపేటలోని ఆ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చివరి ఏడాది పిల్లలు తలా ఒక సెమినార్ ఇవ్వాలి. పావుగంట మాట్లాడాలి, ఏ ముక్క ఎక్కడి నుంచి తెచ్చారో ఆ మాటల్లోనే చెప్పాలి, చివర స్క్రిప్టు మీద సార్ సంతకం పెడితేనే మార్కులు. జ్యోతిర్మయికి వచ్చిన అంశం వాతావరణ మార్పులకు తీరప్రాంత రైతులు ఎలా సర్దుకుంటున్నారన్నది.

స్క్రిప్టు పట్టుకుని స్టాఫ్‌రూముకు వెళ్ళింది.

"మా పిన్ని పేరెందుకు తీసేశారు సార్?"

"ఆమె ఏం చదివింది?"

"ఐదో తరగతి."

"అయితే అచ్చయిన ఐపీసీసీ రిపోర్టు పక్కన ఆమె నోటిమాట కూర్చోబెడతావా ఏందమ్మా? నేను రాసింది చదువు చాలు. మా దుర్గిలో మా నాయన చౌడుకు జిప్సం వేసి పత్తి పండించాడు. చౌడు ఎక్కడైనా చౌడే."

కొట్టేసిన ఆరు వరుసల బదులు ఆయన రాసింది ఒకటే వాక్యం. తీరంలో ఉప్పెక్కిన నేలకు జిప్సం వేస్తే సరిపోతుందని నిపుణులు అంటున్నారట. ఆ నిపుణులెవరో వాళ్ళకే తెలియాలి. ఐదో తరగతి పిన్ని సోర్సు కాదు గానీ, ఊరూ పేరూ లేని నిపుణులు సోర్సట.

మూడేళ్ళ కిందట తుఫానుకు పాయ పొంగి, ఉప్పునీళ్ళు కట్ట దాటి పిన్ని చేలోకి వచ్చాయి. ఎరువుల కొట్టువాడు ఇదే మాట చెప్పాడు. పిన్ని పాడిగేదెను అమ్మి మరీ జిప్సం చల్లింది. నారు కొసలు మాడి, పదిహేను రోజుల్లో చేను తెల్లబారింది. ఎద్దు పుండు కాకికి ముద్దు. ఇప్పుడదే మాటను పిన్ని అక్క కూతురి నోటితోనే చెప్పించబోతున్నారు. చెప్పకపోతే మార్కులు పోతాయి.

ఇంటికి పోతూనే జ్యోతిర్మయి రెండో సంవత్సరం నోటుబుక్కు వెతికి తీసింది.

మర్నాడు మూడో పీరియడ్. ముందు బెంచీలో స్నేహితురాలు ముంతాజ్ కళ్ళతోనే ధైర్యం చెప్పింది. జ్యోతిర్మయి మొదలుపెట్టింది.

"ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, 1901 నుంచి 2018 వరకు ప్రపంచంలో సముద్రమట్టం సగటున ఇరవై సెంటీమీటర్లు పెరిగింది. జానెడంతే కదా అనిపిస్తుంది. పల్లపు చేలోకి ఉప్పునీళ్ళు రావడానికి జానెడు చాలు. అందుకే మచిలీపట్నం వరి పరిశోధనా స్థానం వాళ్ళు ఉప్పును తట్టుకునే ఎంసీఎం రకాలు తయారుచేశారు. అయితే విత్తనం ఒక్కటే పంటను కాపాడదు."

అక్కడ కాగితం మీద సార్ వాక్యం ఉంది. ఆమె తల పైకెత్తింది.

"మా పిన్ని కోటేశ్వరి మాట ఇది. చేలో మంచినీళ్ళు నిండా పెట్టి, ఉప్పు కరిగాక ఆ నీళ్ళు బయటికి వదిలెయ్యాలి. అట్లా మూడు నాలుగు తడవలు. పచ్చిరొట్ట ఎరువుకు జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నాలి. ముదురు నారు దగ్గర దగ్గరగా నాటాలి. ఇన్ని చేసినా మురుగుకాలువ పూడిపోతే ఉప్పు మళ్ళీ పైకొస్తుంది. పిన్ని ఊళ్ళో కాలువ ఐదేళ్ళుగా పూడే ఉంది. పూడిక తియ్యని వాళ్ళంతా రైతును సర్దుకోమంటారు. ఇంకెంత సర్దుకోవాలి?"

సార్ కుర్చీలో కదిలాడు. "జిప్సం సంగతేందమ్మా?"

"వస్తున్నా సార్. కిందటేడు ఇదే గదిలో మా భానుప్రకాష్ సార్ పాఠం చెబుతూ రాయించినట్టు, పాల చౌడు వేరు, కారు చౌడు వేరు. జిప్సం పనిచేసేది సోడియం పట్టిన కారు చౌడుకి. ఉప్పు పేరుకున్న పాల చౌడుకి ముందు కావలసింది మంచినీళ్ళు, మురుగు పోయే దారి."

నోటుబుక్కు తెరిచి ఆ పేజీ ఆయన ముందు పెట్టింది. తారీఖుతో సహా ఉంది.

సార్ ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ముఖం కందగడ్డ అయింది. "సరే. ఆమె పేరు తీసేసి తీసుకురా, సంతకం పెడతా."

జ్యోతిర్మయి స్క్రిప్టు చివరి కాగితం బల్ల మీద పెట్టింది. సోర్సులు నాలుగు. ఐపీసీసీ నివేదిక. మచిలీపట్నం పరిశోధనా స్థానం. కోటేశ్వరి, రైతు, నిజాంపట్నం దగ్గర. భానుప్రకాష్, లెక్చరర్, క్లాసులో చెప్పిన పాఠం.

"అచ్చులో లేంది సోర్సు కాదు అంటే నాలుగోదీ అచ్చులో లేదు సార్. నోటిమాటే. తీసేస్తే రెండూ తీసెయ్యాల. నేనయితే ఆమె పేరు కొట్టను. మీరే కొట్టండి."

ఆయన ఎర్రపెన్ను మూత తీశాడు. పిన్ని పేరు మీద ఒక్క క్షణం ఆపాడు, కిందనున్న తన పేరు చూశాడు. మూత పెట్టేసి, ముంతాజ్ వైపు చెయ్యి చాపి నీలం పెన్ను అడిగాడు.